టూర్ టీసీఎస్, ఫీజు టీసీఎస్: ఎవరి పాన్ మీద పడితే వాళ్ల రిటర్న్‌లోనే

ప్రశ్న: 2025 మేలో ఫ్యామిలీతో థాయిలాండ్ వెళ్లాం. ప్యాకేజీ బిల్లులో ఏజెంట్ 21,000 టీసీఎస్ వేశాడు. ఆగస్టులో మా అబ్బాయి ఎంఎస్ ఫీజు 22 లక్షలు మా ఆవిడ ఖాతా నుంచి పంపితే బ్యాంకు 60,000 పట్టుకుంది. నాది ఉద్యోగం, ఆవిడ గృహిణి. రెండూ నా రిటర్న్‌లో చూపించి రీఫండ్ తీసుకోవచ్చా? ఫీజుది ఆవిడ 26ఏఎస్‌లో ఉంది కానీ టూర్‌ది నా 26ఏఎస్‌లో లేనే లేదు. కేపీహెచ్‌బీలో ఉంటాం.

సమాధానం:

రెండూ మీ రిటర్న్‌లో చూపించలేరండీ. 60,000 మీ ఆవిడ పాన్ మీద జమైంది కాబట్టి ఆవిడ పేరున విడిగా రిటర్న్ వేయాలి. వేస్తే మొత్తం తిరిగి వస్తుంది. 21,000 మీదే, కానీ అది ముందు మీ పాన్ మీద జమైన పన్నులన్నీ చూపించే 26ఏఎస్‌లోకి రావాలి. అసలు పని అక్కడే ఉంది. ఇది జూన్ నెల కాబట్టి చేయించుకోవడానికి ఇంకా టైముంది.

నేను అమీర్‌పేటలో పదహారేళ్లుగా రిటర్న్‌లు వేస్తున్నాను. ఈ మూడు నాలుగేళ్లుగా జూన్ వచ్చిందంటే నా టేబుల్ మీద సగం ఫైళ్లు ఇవే. పిల్లాడి ఫీజు, లేదంటే బాలీ, బ్యాంకాక్ టూర్. చాలామంది మొదట వెళ్లేది బ్యాంకుకో ఏజెంటుకో. "మా డబ్బు మాకివ్వండి" అని అడుగుతారు. వాళ్లు ఇవ్వలేరు. మీ దగ్గర తీసుకున్న రోజే అది మీ పాన్ పేరు మీద ప్రభుత్వానికి కట్టాల్సిన డబ్బయిపోయింది. జీతంలో కోసే టీడీఎస్ ఎలాంటిదో ఇదీ అలాంటిదే, ముందుగా కట్టిన ఆదాయపు పన్ను. దీనికి ప్రత్యేకంగా రీఫండ్ అప్లికేషన్ ఏమీ ఉండదు. రిటర్న్‌లో ఆ ఏడాది మీ పన్ను ఎంతో లెక్క తేలుతుంది, టీడీఎస్, టీసీఎస్ రెండూ అందులోంచి తీసేస్తారు, మిగిలింది ఖాతాలో పడుతుంది.

ముందు మీరు చెప్పిన అంకెలు సరిగ్గా ఉన్నాయో లేదో చూద్దాం. 2025 ఏప్రిల్ 1 నుంచి 2026 మార్చి 31 వరకు పంపిన డబ్బుకు లెక్క ఇది. సొంత డబ్బుతో విదేశీ చదువుకు పంపితే ఒక పాన్ మీద ఏడాదికి మొదటి 10 లక్షల వరకు టీసీఎస్ లేదు, ఆ పైన 5 శాతం. మీరు పంపింది 22 లక్షలు. 12 లక్షల మీద 5 శాతం అంటే 60,000. బ్యాంకు సరిగ్గానే తీసుకుంది. టూర్ ప్యాకేజీకి ఆ 10 లక్షల మినహాయింపు లేదు. మొదటి రూపాయి నుంచే 5 శాతం, 10 లక్షలు దాటిన భాగానికి 20 శాతం.

ఏజెంట్ బిల్లు ఒకసారి దగ్గర పెట్టుకుని చూడండి. ప్యాకేజీ ధర 4,00,000. దాని కింద జీఎస్టీ 5 శాతం 20,000. అప్పుడు 4,20,000. దాని కింద టీసీఎస్ 5 శాతం 21,000. మొత్తం 4,41,000. మీ బిల్లు కూడా ఇలాగే ఉండాలి, ఎందుకంటే 21,000 వచ్చేది 4,20,000 మీదే. ఒకదాని కింద ఒకటి రెండు 5 శాతాలు ఉండటంతో చాలామంది రెండూ తిరిగి వస్తాయనుకుంటారు, లేదా రెండూ పోయాయనుకుంటారు. జీఎస్టీ 20,000 పోయినట్టే, సరదా టూర్‌కు కట్టిన జీఎస్టీ మీకు రాదు. టీసీఎస్ 21,000 మాత్రమే మీది. కొందరు ఏజెంట్లు "ట్యాక్సులు 41,000" అని ఒకే లైనులో రాస్తారు. అలాంటి బిల్లు ఇస్తే ఒప్పుకోవద్దు, విడదీసి రాయించుకోండి. రేపు అడగాల్సి వస్తే చేతిలో ఉండేది ఆ కాగితమే.

ఇప్పుడు మీ ఆవిడ సంగతి. ఇది తేలిక, అందుకే ముందు దీన్ని ముగించేద్దాం.

"ఆవిడకు ఆదాయమే లేదు, రిటర్న్ ఎందుకు" అని మీకు అనిపించవచ్చు. రెండు కారణాలున్నాయి. రిటర్న్ వేయకపోతే 60,000 అక్కడే ఉండిపోతుంది. రెండోది, ఏడాదిలో టీడీఎస్, టీసీఎస్ కలిపి 25,000 దాటితే ఆదాయం ఎంత తక్కువైనా రిటర్న్ వేయడం తప్పనిసరి. సీనియర్ సిటిజన్లకు ఆ గీత 50,000. కాబట్టి ఇది ఆవిడ ఇష్టానికి వదిలే విషయం కాదు.

ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో ఆవిడ పాన్‌తో లాగిన్ అయ్యి అసెస్‌మెంట్ సంవత్సరం 2026-27, ఐటీఆర్-1 ఎంచుకోండి. కొత్త చట్టం వచ్చిందని కంగారు పడకండి. 2025-26లో జరిగినవాటికి రిటర్న్ పాత 1961 చట్టం కిందే. రిటర్న్ ఎందుకు వేస్తున్నారని మొదట్లోనే అడుగుతుంది. ఆవిడ ఆదాయం 4 లక్షల లోపు కాబట్టి "ఆదాయం పరిమితి దాటింది" అని కాకుండా సెవెన్త్ ప్రొవైజో అన్న దాన్ని ఎంచుకుని, టీడీఎస్, టీసీఎస్ 25,000 దాటిందన్న కండిషన్‌కు టిక్ పెట్టాలి. తర్వాత ఆదాయం. ఆవిడ సొంత డిపాజిట్ మీద ఏటా ఓ 38,000 వడ్డీ వస్తుందనుకుందాం. అది తప్పకుండా చూపించండి. చూపించినా పన్ను సున్నానే. కానీ వదిలేస్తే డిపార్ట్‌మెంట్ దగ్గర ఆవిడ లావాదేవీలు చూపించే ఏఐఎస్‌లో బ్యాంకు చెప్పిన వడ్డీకీ రిటర్న్‌కీ తేడా వచ్చి, ఊరికే మెసేజ్‌లు మొదలవుతాయి.

పన్నులు కట్టిన వివరాల పేజీలో టీసీఎస్ షెడ్యూల్ ఉంటుంది. బ్యాంకు పేరు, దాని ట్యాన్ నంబరు, 60,000 మామూలుగా దానంతటదే నిండి వస్తాయి. అక్కడ వసూలైన మొత్తం ఒక గడి, ఈ ఏడాది క్లెయిమ్ చేసే మొత్తం ఇంకో గడి. రెండో గడిలో కూడా 60,000 ఉందో లేదో కళ్లతో చూసుకోండి. అది ఖాళీగానో సున్నాగానో ఉంటే రిటర్న్ చక్కగా వెళ్లిపోతుంది, రీఫండ్ మాత్రం సున్నా. పోయినేడు నా దగ్గరికి అలా సొంతంగా వేసుకున్నవాళ్లు ఇద్దరొచ్చారు. ఇద్దరికీ రివైజ్డ్ రిటర్న్ వేయాల్సి వచ్చింది.

మన వాళ్లకు ప్రత్యేకంగా వచ్చే ఇంకో తలనొప్పి ఉంది, పేరు. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా విప్పి ఉంటుంది, బ్యాంకు ఖాతాలో ఒక్క ఇనీషియల్ ఉంటుంది. లేదా పాన్ పుట్టింటి ఇంటిపేరుతో, ఖాతా అత్తింటి ఇంటిపేరుతో ఉంటాయి. రీఫండ్ పడాలంటే పోర్టల్‌లో ఆవిడ ఖాతా వ్యాలిడేట్ అయి ఉండాలి, రీఫండ్‌కు నామినేట్ చేసి ఉండాలి. పేర్లు కలవకపోతే వ్యాలిడేషన్ ఫెయిల్ అవుతుంది. ఈ పని రిటర్న్ వేశాక కాదు, ఈ వారంలోనే `My Profile` లోకి వెళ్లి `My Bank Account` దగ్గర చూసుకోండి. తేడా ఉంటే బ్యాంకులో కేవైసీ మార్పించుకోవడానికి పట్టే టైము మీకు తెలుసు కదా.

రిటర్న్ వేశాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేయాలి. చేయకపోతే వేయనట్టే.

22 లక్షలు ఆవిడ ఖాతా నుంచి బయటికి వెళ్లాయి, ఆదాయం చూస్తే 38,000. ఈ రెమిటెన్స్ ఆవిడ ఏఐఎస్‌లో కనిపిస్తుంది. "ఇంత డబ్బు ఎక్కడిది" అని అడిగితే సమాధానం సిద్ధంగా ఉండాలి. మీరు మీ జీతం ఖాతా నుంచి ఆవిడకు బదిలీ చేసి ఉంటే ఆ స్టేట్‌మెంట్ పేజీ దాచండి. భర్త ఇచ్చిన డబ్బు భార్యకు ఆదాయం కాదు, దాని మీద పన్ను లేదు. మామగారు ఇచ్చి ఉంటే ఆయన ఖాతా నుంచి వచ్చినట్టు ఎంట్రీ చాలు. క్యాష్ తెచ్చి ఖాతాలో వేసి పంపి ఉంటే మాత్రం, రిటర్న్ వేయకముందే ఎవరైనా ఆడిటర్‌తో కూర్చుని మాట్లాడండి.

మీరు అడగొచ్చు, డబ్బు నాదే కదా, క్రెడిట్ నాకెందుకు రాదు అని. టీసీఎస్ క్రెడిట్ ఎవరి దగ్గర వసూలైనట్టు రిపోర్టు అయిందో వాళ్లకే ఇస్తారు. మైనర్ పిల్లల పేరున పడి, ఆ పిల్లల ఆదాయం తల్లి లేదా తండ్రి ఆదాయంలో కలిసే సందర్భంలో, వాళ్లు క్లెయిమ్ చేసుకోవచ్చని 2025 జనవరి 1 నుంచి వెసులుబాటు ఇచ్చారు. భార్యాభర్తల మధ్య మార్చుకోవడానికి అది పనికిరాదు. మార్చుకోవాల్సిన అవసరం కూడా లేదు, రెండు రీఫండ్లూ ఒకే ఇంటికి వస్తాయి.

ఇక టూర్ దగ్గరికి వద్దాం.

మీరు డబ్బు కట్టింది 2025 మేలో. అంటే ఏప్రిల్–జూన్ త్రైమాసికం. ఆ మూడు నెలల్లో వసూలు చేసిన టీసీఎస్‌కు ఏజెంట్ 27ఈక్యూ అనే స్టేట్‌మెంట్ 2025 జూలై 15 లోపు వేయాలి. అందులో మీ పాన్, మొత్తం, టీసీఎస్ రాస్తేనే మీ 26ఏఎస్‌లోకి వస్తుంది. ఆ గడువు దాటి పదకొండు నెలలైంది. కాబట్టి "ఇంకొన్నాళ్లలో అప్‌డేట్ అవుతుంది సార్" అంటే నమ్మొద్దు. ఆలస్యం కాదు, ఎక్కడో తప్పు జరిగింది.

ముందు మీవైపు సరిగ్గా చూశారో లేదో తేల్చుకోండి. పోర్టల్‌లో `e-File` > `Income Tax Returns` > `View Form 26AS` నొక్కితే ట్రేసెస్ సైటుకు తీసుకెళ్తుంది. అక్కడ అసెస్‌మెంట్ సంవత్సరం 2026-27 పెట్టండి. చాలామంది 2025-26 పెట్టి "ఏమీ లేదు" అంటారు. ఆర్థిక సంవత్సరం 2025-26 అయితే అసెస్‌మెంట్ సంవత్సరం దాని తర్వాతిది అవుతుంది. జీతం టీడీఎస్ మొదట్లోనే `PART-I` లో ఉంటుంది. టీసీఎస్ `PART-VI` లో ఉంటుంది, అంతవరకు కిందికి దిగాలి. ఎంట్రీ ఉంటే పక్కన స్టేటస్ కూడా చూడండి. `F` ఉంటే ఫైనల్, డబ్బు ప్రభుత్వానికి చేరింది. `U` ఉంటే ఏజెంట్ స్టేట్‌మెంట్ వేశాడు కానీ కట్టిన చలాన్‌తో కలవలేదు.

అక్కడా లేదంటే నా లెక్కలో మూడే సంగతులు జరిగి ఉంటాయి. మొదటిది, స్టేట్‌మెంట్ వేశారు కానీ వేరే పాన్ రాశారు. ఇదే ఎక్కువ. మీరు వెళ్లింది అమీర్‌పేటలోనో హిమాయత్‌నగర్‌లోనో ఉన్న చిన్న ఏజెంట్ దగ్గరికి అయితే, అతను పెద్ద టూర్ కంపెనీ ప్యాకేజీ తెచ్చి మీకు అమ్మి ఉంటాడు. ఆ కంపెనీ బిల్లు ఏజెంట్ పేరున రాసి, టీసీఎస్ కూడా అతని పాన్ మీదే వేసి ఉండవచ్చు. అప్పుడు మీ 21,000 అతని 26ఏఎస్‌లో కూర్చుని ఉంటుంది. కొన్నిసార్లు అతనికే తెలియదు. లేదా టూర్ బుక్ చేసిన బంధువు పాన్ మీద పడి ఉంటుంది. రెండోది, డబ్బు కట్టారు కానీ స్టేట్‌మెంట్ వేయలేదు. మూడోది, వసూలు చేసి అసలు కట్టనే లేదు.

మొదటిది నాకే జరిగింది. 2023 డిసెంబర్‌లో నాలుగు కుటుంబాలం కలిసి బాలీ వెళ్లాం. మా తోడల్లుడు మాట్లాడి పెట్టాడు, మేం మా వాటా అతనికి పంపేశాం. ఏజెంట్ 9,60,000కు ఒకే బిల్లు తోడల్లుడి పేరున రాశాడు. అప్పుడు 20 శాతం మొదలయ్యే గీత 7 లక్షల దగ్గర ఉండేది. 7 లక్షల మీద 5 శాతం 35,000, మిగతా 2,60,000 మీద 20 శాతం 52,000, మొత్తం 87,000. నాలుగు బిల్లులు రాయించుకుని ఉంటే ఒక్కో కుటుంబానికి 2,40,000 మీద 12,000 చొప్పున 48,000తో అయిపోయేది. డబ్బు పోలేదు, తోడల్లుడి రిటర్న్‌లో తిరిగొచ్చింది, మా వాటా మాకిచ్చాడు. కానీ దాదాపు పది నెలలు మా అందరి డబ్బు అతని పాన్ మీద ఇరుక్కుంది. పన్నుల పని చేసేవాణ్ని అయ్యుండి బిల్లు చూడకుండా ఫోన్‌పే కొట్టేశానని ఇంట్లో ఇప్పటికీ అంటారు.

మీరు చేయాల్సింది ఇది. ఏజెంట్‌కు ఫోన్ కాదు, మెయిల్ పెట్టండి. వాట్సాప్ అయినా సరే, రాతలో ఉండాలి. ఇలా రాస్తే చాలు: "2025 మేలో ఫలానా నంబరు బిల్లు మీద నా దగ్గర 21,000 టీసీఎస్ తీసుకున్నారు. అది నా 26ఏఎస్‌లో లేదు. దానికి సంబంధించిన ఫారం 27డీ, చలాన్ వివరాలు పంపండి. వేరే పాన్ మీద వేసి ఉంటే ఏప్రిల్–జూన్ 2025 త్రైమాసికానికి 27ఈక్యూ కరెక్షన్ స్టేట్‌మెంట్ వేయండి." కింద బిల్లు, పాన్ కార్డు జత చేయండి.

27డీ అన్న మాట తప్పకుండా వాడండి. అది టీసీఎస్ సర్టిఫికెట్, జీతానికి ఫారం 16 లాంటిది. స్టేట్‌మెంట్ గడువు తర్వాత 15 రోజుల్లో కొన్నవారికి ఇవ్వాలి. ట్రేసెస్ నుంచే దిగుతుంది కాబట్టి స్టేట్‌మెంట్ వేయనివాడు సరైన 27డీ ఇవ్వలేడు. అంటే మీరు సర్టిఫికెట్ అడుగుతున్నట్టు ఉంటుంది కానీ నిజానికి అతను స్టేట్‌మెంట్ వేశాడా లేదా అని తేల్చుకుంటున్నారు. వర్డ్‌లో టైపు చేసి స్టాంపు కొట్టిన కాగితం పంపితే దాన్ని నమ్ముకోవద్దు.

పాన్ తప్పు పడితే సరిచేయడం ఏజెంట్ ఆడిటర్‌కు పెద్ద పని కాదు. ట్రేసెస్ నుంచి ఆ త్రైమాసికం ఫైలు దించుకుని, ఆ ఒక్క వరుసలో పాన్ మార్చి మళ్లీ వేస్తాడు. నేను చూసినంతలో అలా వేశాక వారం, పది రోజుల్లో మన 26ఏఎస్‌లో కనిపించింది. పెద్ద టూర్ కంపెనీ వేసి ఉంటే మీ ఏజెంట్ వాళ్లను అడగాలి, అక్కడే రోజులు గడుస్తాయి. అందుకే ఈ రోజే మెయిల్ పెట్టమనేది.

కదలకపోతే రెండో మెయిల్‌లో కాస్త గట్టిగా రాయండి. స్టేట్‌మెంట్ ఆలస్యానికి రోజుకు 200 రూపాయల ఫీజు ఉంటుంది. వసూలు చేసి కట్టకపోతే నెలకు ఒకటిన్నర శాతం వడ్డీ పడుతుంది. సర్టిఫికెట్ ఇవ్వనందుకు రోజుకు 500 వరకు జరిమానా వేయొచ్చు. ఇవన్నీ ఏజెంట్ నెత్తిన పడేవే. "పోర్టల్‌లో గ్రీవెన్స్ వేస్తున్నాను, మీ ట్యాన్ నంబరు ఇవ్వండి" అన్న ఒక్క లైనుకు కదిలినవాళ్లను చూశాను. గ్రీవెన్స్ పోర్టల్‌లోనే వేయొచ్చు, దాని కోసం ఏసీ గార్డ్స్‌లో ఐటీ టవర్స్ చుట్టూ తిరగక్కర్లేదు.

మూడోది, అంటే ఏజెంట్ డబ్బు మింగేస్తే? ఇక్కడ చేదు నిజం చెప్పాలి. వసూలు చేసి ప్రభుత్వానికి కట్టినదాన్నే మీ పన్నుగా లెక్కిస్తారు. కట్టకపోతే, బిల్లు ఎంత స్పష్టంగా ఉన్నా, రిటర్న్‌లో క్రెడిట్ రాదు. అప్పుడు ఆ 21,000 ఏజెంట్ దగ్గర నుంచే రాబట్టుకోవాలి. డిపార్ట్‌మెంట్‌కు ఫిర్యాదు ఒకవైపు, వినియోగదారుల కమిషన్ ఇంకోవైపు.

ఇక మీ రిటర్న్ లెక్క. ఇక్కడ చాలామంది అపోహ పడే సంగతి ఒకటుంది. 21,000 కట్టాను కాబట్టి 21,000 వస్తుందని చూస్తారు, 10,600 వస్తే "కోసేశారు" అంటారు. మీ జీతం 18 లక్షలు, కొత్త పన్ను విధానం, ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద వడ్డీ 50,000 అనుకుందాం. జీతంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోతే 17,25,000. దీని మీద సెస్‌తో కలిపి పన్ను 1,50,800, దాన్ని మీ కంపెనీ కోసేసింది. వడ్డీ 50,000 మీద బ్యాంకు ఏమీ కోయలేదు, ఎందుకంటే ఒక బ్యాంకులో 50,000 దాటితేనే కోస్తుంది. కానీ పన్ను మాత్రం ఉంది. మీరు 20 శాతం శ్లాబులో ఉన్నారు కాబట్టి 10,000, సెస్‌తో 10,400. అసలు పన్ను 1,61,200. కట్టింది టీడీఎస్ 1,50,800, టీసీఎస్ 21,000, మొత్తం 1,71,800. తేడా 10,600. మిగతా 10,400 ఎక్కడికీ పోలేదు, మీరు విడిగా చలాన్ కట్టాల్సిన పన్నుకు సరిపోయింది.

వడ్డీ సంగతి కూడా ఇక్కడే చెప్తాను. రీఫండ్ మీద నెలకు అర శాతం వడ్డీ ఇస్తారు, రిటర్న్ గడువులో వేస్తే ఏప్రిల్ 1 నుంచి లెక్క. మీ 10,600కు మాత్రం రాదు, ఎందుకంటే రీఫండ్ మొత్తం పన్నులో 10 శాతం కన్నా తక్కువైతే వడ్డీ ఇవ్వరు. మీ ఆవిడకు వస్తుంది. ఆగస్టు చివర్లో రీఫండ్ వచ్చిందనుకోండి, ఐదు నెలలకు 60,000 మీద 1,500. ఆ 1,500 వచ్చే ఏడాది ఆవిడ ఆదాయంలో చూపించాలి.

జూలై 31 గడువు దగ్గరపడినా టూర్ టీసీఎస్ రాకపోతే? 26ఏఎస్‌లో లేనిదాన్ని రిటర్న్‌లో చేత్తో రాసి క్లెయిమ్ చేయొచ్చు, పోర్టల్ ఆపదు. కానీ ప్రాసెసింగ్‌లో అది కలవదు, రీఫండ్ బదులు 10,400కు డిమాండ్ నోటీసు వస్తుంది. ఆ డిమాండ్ అలాగే ఉంటే వచ్చే ఏడాది రీఫండ్‌లో సర్దేసుకుంటారు. నేనైతే మీకు చెప్పేది వేరే. వడ్డీ ఆదాయం మీద పన్ను పోర్టల్ చూపించినంత కట్టేసి, టూర్ టీసీఎస్ లేకుండానే జూలై 31 లోపు రిటర్న్ వేయండి. ఏజెంట్ సరిచేశాక డిసెంబర్ 31 లోపు రివైజ్డ్ రిటర్న్ వేసి 21,000 కలపండి. కొందరు ఆడిటర్లు ముందే క్లెయిమ్ చేసి తర్వాత రెక్టిఫికేషన్ పెట్టుకోమంటారు. అదీ తప్పు కాదు కానీ, మధ్యలో వచ్చే నోటీసుల టెన్షన్ మీరు పడాలి.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. గడువులన్నీ దాటాక వేసే అప్‌డేటెడ్ రిటర్న్, అదే ఐటీఆర్-యూ, రీఫండ్ అడగడానికి పనికిరాదు. మీ ఆవిడ డిసెంబర్ 31 దాటనిస్తే తర్వాత ఆలస్యాన్ని మన్నించమని డిపార్ట్‌మెంట్‌కు విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. అది ఐదేళ్ల వరకు పెట్టుకోవచ్చు, కానీ ఒప్పుకోవడం వాళ్ల చేతిలో ఉంటుంది.

అబ్బాయికి ఇంకా సెమిస్టర్లు ఉంటాయి కాబట్టి ముందు సంగతి కూడా చెప్పేస్తాను. 2026 ఏప్రిల్ 1 నుంచి చదువుకు పంపేదాని మీద 5 శాతం 2 అయింది, 10 లక్షల గీత అలాగే ఉంది. టూర్ ప్యాకేజీకి కూడా ఎంతైనా 2 శాతమే. మళ్లీ 22 లక్షలు పంపాల్సి వస్తే ఒక్కరి ఖాతా నుంచి పంపితే 12 లక్షల మీద 24,000. మీరు 11, ఆవిడ 11 పంపితే ఒక్కొక్కరికి లక్ష మీద 2,000, మొత్తం 4,000. ఇందులో తప్పేమీ లేదు, గీత ఒక్కో పాన్‌కు విడివిడిగా ఉంటుంది. కానీ ఒకే మనిషి రెండు బ్యాంకుల నుంచి పంపి గీత రెండుసార్లు వాడుకోవడం కుదరదు. వేరే బ్యాంకులో ఎంత పంపారో చెప్పమని డిక్లరేషన్ తీసుకుంటారు.

బ్యాంకు నుంచి ఎడ్యుకేషన్ లోన్ తీసుకుని పంపితే 2025 ఏప్రిల్ నుంచి టీసీఎస్ లేనే లేదు. ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన లోన్ మాత్రం ఆ లెక్కలోకి రాదు. అద్దె, తిండి ఖర్చులకు పంపేటప్పుడు ఫారంలో "ఫ్యామిలీ మెయింటెనెన్స్" అని టిక్ పెట్టకండి, దానికి 10 లక్షలు దాటితే 20 శాతం. చదువుకునే పిల్లాడి రోజువారీ ఖర్చులు కూడా చదువు కిందే వస్తాయి. అబ్బాయి ఖాతా నుంచి పంపే ఆలోచన ఉంటే వద్దంటాను. అతను అక్కడ ఉండగా ఇక్కడ రిటర్న్ వేయాలి, రోజులు లెక్కేసి నాన్ రెసిడెంట్ అయితే ఐటీఆర్-1 పనికిరాదు. పైగా ఇక్కడి సిమ్ రీచార్జ్ అయిపోయి ఆధార్ ఓటీపీ రాక నెలల తరబడి ఈ-వెరిఫై కాని రిటర్న్‌లు నా దగ్గర ఉన్నాయి.

మీ పేరు మీద టీసీఎస్ పడే పనైతే, ఆ డబ్బు కోసం రిటర్న్ దాకా ఆగక్కర్లేదు. 2024 అక్టోబర్ నుంచి జీతం టీడీఎస్‌లో దాన్ని సర్దుబాటు చేయమని కంపెనీని అడగొచ్చు. 2025-26కు ఆ ఫారం 12బీఏఏ. మీరు మేలోనే ఇచ్చి ఉంటే ఏడాదికి 1,50,800 బదులు 1,29,800 కోసేవారు. మీ ఆవిడ పాన్ మీద పడింది మాత్రం మీ కంపెనీకి చూపించినా పనికిరాదు.

ఏజెంట్ నుంచి 27డీ వస్తే, లేదా అతను ఏం సమాధానం చెప్పాడో, ఇక్కడ రాయండి. మీ పాన్ నంబరు, బిల్లు ఫొటో మాత్రం ఇక్కడ పెట్టకండి. "వేరే పాన్ మీద పడింది" లేదా "స్టేటస్ యూ చూపిస్తోంది" అంటే చాలు, తర్వాత ఏం చేయాలో చెప్తాను.